దొంగ కోసమే తీసిపెట్టిన తలుపు

1986 ఆగస్టులో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో లెక్క తేలని 75 సెంట్లు బయటపడ్డాయి. ఆ రోజుల్లో ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎందరో వాడుకునేవారు. ఎవరు ఎంతసేపు వాడారో చూసి వాళ్ల విభాగానికి బిల్లు వేసేవారు. ఆ లెక్కలు చూసే రెండు ప్రోగ్రాముల మధ్య ముక్కాలు డాలర్ తేడా వచ్చింది. పరిశోధన నిధులు అయిపోయి కంప్యూటర్ విభాగంలోకి మారిన క్లిఫర్డ్ స్టాల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు ఆ తేడా సంగతేమిటో చూడమని అప్పగించారు. కొత్తగా చేరినవాడికి ఇచ్చే చిల్లర పని అది.

తవ్వగా తవ్వగా, బిల్లు చిరునామా లేని ఒక ఖాతా కనిపించింది. దాన్ని తీసేసినా చొరబాటు ఆగలేదు. ఎవరో బయటివాడు టెలిఫోన్ లైన్ల మీదుగా వచ్చి, ఏకంగా సిస్టమ్ నిర్వాహకుడి అధికారాలు చేజిక్కించుకుని, అక్కడి నుంచి అమెరికా సైన్యానికి చెందిన కంప్యూటర్లలోకి దూరుతున్నాడు. స్టాల్ అతన్ని వెంటనే గెంటెయ్యలేదు. బయటి నుంచి వచ్చే లైన్లకు ప్రింటర్లు తగిలించి, అతను కొట్టే ప్రతి అక్షరం కాగితం మీద పడేలా చేసి, నెలల తరబడి చూస్తూ కూర్చున్నాడు.

జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ దాకా వెళ్లి ఆగిపోయింది. అక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పాతకాలపు యాంత్రిక స్విచ్చులు ఉండేవి. ఒక కాల్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే మనిషి వెళ్లి స్విచ్చు వెంట స్విచ్చు చూసుకుంటూ పోవాలి. అందుకు చాలా సమయం పడుతుంది. చొరబాటుదారు మాత్రం కొద్ది నిమిషాల్లో పని చూసుకుని లైన్ కట్ చేసేవాడు. అతన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టడం ఎలా? స్టాల్‌కూ అతని సహచరి మార్తాకూ 1987 ఆరంభంలో తట్టిన ఉపాయం ఎర వేయడం. అప్పటికే ప్రింటవుట్లను బట్టి ఆ మనిషికి ఏం కావాలో తెలిసిపోయింది. రేగన్ ప్రభుత్వపు 'స్టార్ వార్స్' క్షిపణి రక్షణ పథకం గురించి అతను ఆబగా వెతుకుతున్నాడు. దాంతో లేని ఒక ప్రాజెక్టును పుట్టించారు. పేరు ఎస్‌డీఐనెట్. సర్కారీ కాగితాల్లాగే నీరసంగా, పొడుగ్గా ఉండే ఫైళ్లు బోలెడన్ని సృష్టించారు. మరిన్ని పత్రాలు కావాలంటే బార్బరా షెర్విన్ అనే కార్యదర్శికి రాయమని వాటిలో ఒక లేఖ పెట్టారు. ఆ కార్యదర్శి కూడా కల్పితమే.

ఎర పారింది. చొరబాటుదారు గంటకు పైగా ఆ ఫైళ్ల మీదే కూర్చున్నాడు, ఈలోగా జర్మనీలో కాల్ జాడ పూర్తయింది. అంతకన్నా విచిత్రం కొన్నాళ్ల తర్వాత జరిగింది. లేని బార్బరా షెర్విన్ పేరు మీద పిట్స్‌బర్గ్ నుంచి పోస్టులో ఉత్తరం వచ్చింది, ఫలానా ఫలానా పత్రాలు పంపమని. ఆ పేర్లు దొంగ ఫైళ్లలో తప్ప భూమ్మీద మరెక్కడా లేవు. అంటే హానోవర్‌లో దొంగిలించిన సమాచారం చేతులు మారి మళ్లీ అమెరికాకే చేరిందన్నమాట. మార్కస్ హెస్ అనే ఆ చొరబాటుదారు, మరికొందరితో కలిసి, సోవియట్ గూఢచార సంస్థ కేజీబీకి సమాచారం అమ్ముతున్నట్టు తర్వాత తేలింది. 1990లో జర్మన్ కోర్టు దోషిగా తేల్చింది, అయితే శిక్ష అమలును నిలిపి ఉంచింది.

ఇవాళ సైబర్ భద్రతలో హనీపాట్ అని పిలిచేది సరిగ్గా దీన్నే. ఆ మాట అప్పటికి ఇంకా వాడుకలోకి రాలేదు గానీ, పద్ధతి మొత్తం అక్కడే ఉంది. అది పనిచేసిన కారణం ఒక్కటే. ఎస్‌డీఐనెట్ ఫైళ్లతో నిజమైన ఉద్యోగి ఎవరికీ పని లేదు. కాబట్టి వాటిని తెరిచినవాడు ఎవరైనా సరే, అతని గురించి తెలుసుకోవాల్సిందే.

మామూలు భద్రతా పరికరాల కష్టమంతా ఇక్కడే ఉంది. ఫైర్‌వాల్, యాంటీవైరస్, లాగిన్ రికార్డులు, ఇవన్నీ రోజూ వేలాది సక్రమమైన పనుల మధ్య ఒక్క అక్రమమైన పనిని పట్టుకోవాలి. అర్ధరాత్రి లాగిన్ అయింది దొంగా, లేక గడువు దగ్గరపడ్డ అకౌంటెంటా? చెప్పడం కష్టం. హనీపాట్ దగ్గర ఆ ప్రశ్నే లేదు. అక్కడ సక్రమమైన పని అంటూ ఏదీ ఉండదు. కౌజుపిట్టల వేటగాడు పొదల్లో కట్టిన దీమపు పిట్టకు ఊళ్లో మనుషులతో ఎంత పనో, ఈ యంత్రానికి ఉద్యోగులతో అంతే పని.

హనీపాట్లలో స్థూలంగా రెండు రకాలు. ఒకటి నటించేది. ఇది అసలు సర్వర్ కాదు, సర్వర్‌లా జవాబులిచ్చే చిన్న ప్రోగ్రామ్. దొంగ ఆదేశం టైపు చేస్తే దానికి తగ్గ సమాధానం తెర మీద చూపిస్తుంది గానీ లోపల ఏమీ జరగదు. రెండోది నిజమైన యంత్రం. దొంగ నిజంగానే లోపలికి వస్తాడు, నిజంగానే నడుపుతాడు. మొదటిదాంట్లో తెలిసేది కొంచెం, ప్రమాదమూ కొంచెమే. రెండోదాంట్లో రెండూ ఎక్కువే. స్టాల్ వాడింది రెండో రకం, పైగా అసలు ప్రయోగశాల యంత్రం మీదే. నెలల తరబడి పక్కన కూర్చుని చూసే మనిషి లేకపోతే అలాంటి సాహసం చెయ్యకూడదు.

హనీపాట్‌ను ఇంటర్నెట్ మీద బహిరంగంగా పెడితే ఏం తెలుస్తుందో 2016 నాటి మిరాయ్ ఉదంతం బాగా చెబుతుంది. సీసీ కెమెరాలు, వీడియో రికార్డర్లు, ఇంటి రౌటర్లు ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులతోనే ఇంటర్నెట్‌కు తగిలించి ఉంటాయని కనిపెట్టిన ముగ్గురు అమెరికన్ కుర్రాళ్లు ఒక వైరస్ తయారు చేశారు. అరవై పైచిలుకు యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతల జాబితా పట్టుకుని అది ఊరూరా తిరిగేది. 2016 ఆగస్టు 1న మొదలైన మొదటి 20 గంటల్లోనే దాదాపు 65,000 పరికరాలు దాని చేతికి చిక్కాయి. అక్టోబరు 21న డిన్ అనే డొమైన్ సేవల సంస్థ మీద దానికి చిక్కిన పరికరాలు ఒక్కసారిగా విరుచుకుపడితే అమెరికాలో ట్విటర్ సహా ఎన్నో పెద్ద సైట్లు గంటల పాటు అందలేదు.

ఆ తర్వాత పలు సంస్థల పరిశోధకులు కలిసి ఆ వైరస్ చరిత్రంతా రాబట్టారు. అందులో హనీపాట్లకు ఒక ప్రత్యేకమైన పాత్ర ఉంది. వాడకంలో లేని ఐపీ చిరునామాలను గమనిస్తే ఎవరు తలుపు కొడుతున్నారో తెలుస్తుంది, అంతవరకే. తలుపు తీసి, పాస్‌వర్డు సరైనదేనని నమ్మించి, ఆ తర్వాత దొంగ ఏం చేస్తాడో చూడాలంటే హనీపాట్ కావాలి. ఏయే పాస్‌వర్డులు ప్రయత్నిస్తున్నాడు, ఏ సర్వర్ నుంచి వైరస్ ఫైలు దింపుతున్నాడు, ఆ ఫైలు ఎవరి ఆజ్ఞల కోసం ఎదురుచూస్తుంది, ఇవన్నీ తలుపు తీశాకే బయటపడతాయి.

ఈ పనికి ఇప్పుడు ఎక్కువమంది వాడేది కౌరీ అనే ఉచిత ప్రోగ్రామ్. ఎస్‌ఎస్‌హెచ్, టెల్‌నెట్ సర్వర్‌లా నటిస్తుంది. దాని రికార్డు ఎలా ఉంటుందో చూపడానికి, మిరాయ్ తరహా సందర్శకుడు వస్తే పడే వరుసలను కుదించి ఇక్కడ ఇస్తున్నాం. ఐపీ చిరునామా ఉదాహరణల కోసం కేటాయించినదే, ఎవరిదీ కాదు.

```
{"eventid":"cowrie.login.success","username":"root","password":"xc3511","src_ip":"203.0.113.7"}
{"eventid":"cowrie.command.input","input":"enable"}
{"eventid":"cowrie.command.input","input":"sh"}
{"eventid":"cowrie.command.input","input":"/bin/busybox MIRAI"}
```

మొదటి వరుసలో `xc3511` అన్నది ఎవరో ఊహించి కొట్టింది కాదు. ఒక చైనా సంస్థ తయారుచేసిన రికార్డర్ బోర్డులలో ఫ్యాక్టరీ నుంచే వచ్చే పాస్‌వర్డు. అంటే ఈ వచ్చినవాడు మన సర్వర్ కోసం రాలేదు, కెమెరాల కోసం తిరుగుతున్నాడు. చివరి వరుస మరీ ఆసక్తికరం. `busybox` అనేది చిన్న పరికరాల్లో ఉండే ఆదేశాల మూట. అందులో `MIRAI` అనే ఆదేశం లేదు, ఉండదని వైరస్‌కూ తెలుసు. నిజమైన పరికరమైతే `MIRAI: applet not found` అని జవాబిస్తుంది. ఆ జవాబు కనిపిస్తేనే వైరస్ ముందుకు కదులుతుంది. ఈ చిన్న పరీక్షలో తప్పిన హనీపాట్లు తర్వాతి అంకం చూడలేకపోయాయి. సరిగ్గా జవాబిచ్చినవాటికి వైరస్ ఫైలే దొరికింది. తర్వాత మిరాయ్ సోర్స్‌కోడ్ బయటపడి, కొత్త ముఠాలు దాన్ని తిరగరాసుకున్నప్పుడు చాలామంది ఆ పదం స్థానంలో తమ సొంత పదం పెట్టుకున్నారు. అలా దొంగ వేసిన పరీక్షే రక్షకులకు ముఠాల్ని వేరుచేసి గుర్తుపట్టే ఆనవాలుగా ఉపయోగపడింది.

అయితే సంస్థల భద్రత చూసేవాళ్లు ఒక సంగతి ఒప్పుకోవాలి. బహిరంగ హనీపాట్ చెప్పేది ఇంటర్నెట్ సంగతి, మన ఆఫీసు సంగతి కాదు. పెట్టిన కొద్దిసేపట్లోనే తలుపు తట్టడం మొదలవుతుంది, రోజంతా తడుతూనే ఉంటారు, అందులో అత్యధికం యంత్రాలే. పరిశోధకులకు అది పంట. ఇద్దరు మనుషుల ఐటీ విభాగం ఉన్న సంస్థకు అది రొద. అలాంటి సంస్థ బయట పెట్టే హనీపాట్ మీద ఖర్చుపెట్టే శ్రమను లోపల పెట్టే హనీపాట్ మీద పెట్టడం ఎన్నో రెట్లు మేలు. ఎందుకంటే లోపలి నెట్‌వర్క్‌లో నెలల తరబడి గంట మోగదు. మోగిందంటే అర్థం ఉంటుంది.

ఒక ఊహాత్మకమైన ఉదాహరణ తీసుకుందాం. జిల్లా కేంద్రంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి, 80 కంప్యూటర్లు. బిల్లింగ్ కౌంటర్‌లో ఎవరో ఇన్సూరెన్స్ క్లెయిమ్ పేరుతో వచ్చిన మెయిల్ తెరిచారు. దొంగకు ఆ ఒక్క కంప్యూటర్ దొరికింది. కానీ అతనికి కావాల్సింది అది కాదు. రోగుల రికార్డులు, వాటి బ్యాకప్. రెండూ చేతికి వస్తేనే డబ్బు డిమాండ్ చెయ్యగలడు. అందుకని రాత్రిపూట నెట్‌వర్క్‌లో ఏమేం ఉన్నాయో తడుముకుంటాడు. ఏ యంత్రాల్లో ఫోల్డర్లు పంచుకుంటున్నారు, ఎక్కడ పాస్‌వర్డులు దాచారు అని వెతుకుతాడు. ఇల్లు అతనికి కొత్త. ఆ తడుములాటే అతని బలహీనత.

ఐటీ చూసేవాళ్లు ముందే మూడు ఎరలు పెట్టారనుకుందాం. మొదటిది, ఓపెన్‌కానరీ అనే ఉచిత ప్రోగ్రామ్ నడుస్తున్న ఒక పాత డెస్క్‌టాప్. నెట్‌వర్క్‌లో దాని పేరు `HOSP-BKP02`. అసలు బ్యాకప్ సర్వర్ `HOSP-BKP01` కాబట్టి రెండోది ఉండడంలో వింతేమీ లేదు. రెండోది, అకౌంట్స్ ఫోల్డర్‌లో ఒక వర్డ్ ఫైలు. తెరిస్తే అందులోని కనిపించని బొమ్మ ఇంటర్నెట్ నుంచి దిగడానికి ప్రయత్నిస్తుంది, ఆ ప్రయత్నమే కబురు. ఇలాంటి వాటిని థింక్స్ట్ అనే దక్షిణాఫ్రికా సంస్థ నడిపే `canarytokens.org` లో ఉచితంగానే తయారు చేసుకోవచ్చు. మూడోది, పాత స్క్రిప్టు ఒకదానిలో మర్చిపోయినట్టు వదిలేసిన ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఆ ఖాతా సర్వర్‌లో నిజంగానే ఉంటుంది, కానీ దానికి ఏ అధికారమూ ఉండదు, ఎవరూ దానితో లాగిన్ అవ్వరు.

రాత్రి 1:40కి ఐటీ మనిషి ఫోన్‌కు కబురొచ్చింది. `HOSP-BKP02` లోని షేర్డ్ ఫోల్డర్‌ను `192.168.10.34` నుంచి ఎవరో తెరిచారు. ఈ ఒక్క వరుసలో ఎంత ఉందో చూడండి. ఆ చిరునామా బిల్లింగ్ కౌంటర్‌లోని రెండో కంప్యూటర్‌ది, ఆ వేళకు ఆ కౌంటర్ మూసి ఉంటుంది. కాబట్టి దొంగ ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలిసింది. ఏ ఖాతాతో ప్రయత్నించాడో రికార్డులో ఉంటే, ఎవరి పాస్‌వర్డ్ పోయిందో కూడా తెలిసింది. పావుగంటకు మూడో ఎర మోగితే, అంటే స్క్రిప్టులోని దొంగ ఖాతాతో సర్వర్‌లోకి లాగిన్ ప్రయత్నం జరిగితే, అతను ఫోల్డర్లు చదివే దశ దాటి అధికారాలు వెతికే దశకు వచ్చాడని అర్థం. వర్డ్ ఫైలు మోగలేదంటే అకౌంట్స్ ఫోల్డర్ దాకా రాలేదని మాత్రం అనుకోకూడదు. ఫైలును కాపీ చేసుకుని, ఇంటర్నెట్ లేని యంత్రంలో తెరిస్తే ఆ బొమ్మ దిగదు, కబురూ రాదు. ఎర మోగితే దొంగ ఉన్నట్టే. మోగకపోతే లేనట్టు కాదు.

అప్పుడేం చెయ్యాలి? ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పీకాలి, లేదా స్విచ్ దగ్గర ఆ పోర్టు ఆపాలి. కంప్యూటర్‌ను ఆఫ్ చెయ్యకూడదు, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చి, గత కొద్ది రోజుల్లో అదే ఖాతా ఇంకెక్కడెక్కడ లాగిన్ అయిందో అసలు సర్వర్ల రికార్డుల్లో వెతకాలి. అసలు బ్యాకప్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. మన దేశంలో కొన్ని రకాల సైబర్ ఘటనల్ని గమనించిన 6 గంటల లోపు కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. కాబట్టి ఎవరు ఫోన్ చేస్తారో, ఎవరు మెయిల్ రాస్తారో ముందే కాగితం మీద ఉండాలి. అర్ధరాత్రి వెతుక్కునే విషయం కాదది.

ఇక జాగ్రత్తలు. హనీపాట్ వల్ల జరిగే అతిపెద్ద అనర్థం, ఎర కోసం పెట్టిన యంత్రమే దొంగకు ఆయుధం కావడం. మన హనీపాట్ నుంచి మరొకరి మీద దాడి జరిగితే, అవతలివాళ్లకు కనిపించేది మన చిరునామాయే. అందుకే లోపలికి వచ్చే దారి కంటే బయటికి పోయే దారి గురించి ఎక్కువ ఆలోచించాలి.

బహిరంగంగానే ఒక హనీపాట్ నడిపి చూడాలనుకునేవారికి ఇది మరీ ముఖ్యం. అద్దెకు తీసుకున్న చిన్న క్లౌడ్ సర్వర్ మీద కౌరీ పెడుతున్నారనుకుందాం. ఆ సర్వర్‌లో ఇంకేమీ ఉండకూడదు. ఆఫీసు నెట్‌వర్క్‌తో ఏ బంధమూ ఉండకూడదు, మన ఇతర పాస్‌వర్డులు, తాళంచెవులు దానిలో పడి ఉండకూడదు. క్లౌడ్ ఖాతా అధికారాలను ఆ సర్వర్‌కు అంటగట్టకూడదు. క్లౌడ్ యంత్రాలు చాలావరకు `169.254.169.254` అనే చిరునామా దగ్గర తమ గుర్తింపు వివరాలు అడుగుతుంటాయి. దాడిచేసేవాళ్లు మొదట వెతికే చోట్లలో అదొకటి. హనీపాట్ నుంచి దానికి దారి మూసెయ్యాలి.

తర్వాత క్రమం తప్పకూడని ఒక పని ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా 22వ పోర్టులో ఉంటుంది. దొంగలూ అక్కడికే వస్తారు, మనమూ సర్వర్‌ను నడపడానికి అక్కడి నుంచే వెళ్తాం. కాబట్టి ముందు అసలు ఎస్‌ఎస్‌హెచ్‌ను వేరే పోర్టుకు మార్చి, దాన్ని మన ఐపీ చిరునామా నుంచి మాత్రమే అనుమతించి, కొత్త పోర్టులో లాగిన్ అయి చూసుకోవాలి. ఆ తర్వాతే 22కి వచ్చేవాళ్లను కౌరీ ఉండే 2222 పోర్టుకు మళ్లించాలి.

```
sudo iptables -t nat -A PREROUTING -p tcp --dport 22 -j REDIRECT --to-port 2222
```

ఈ వరుస తలకిందులైతే మన సర్వర్‌కు మనమే దొంగగా లాగిన్ అవుతాం. వెళ్లేది కౌరీ నాటకంలోకే, బయటపడే దారి క్లౌడ్ కంపెనీ ఇచ్చే అత్యవసర కన్సోల్ ఒక్కటే. నేర్చుకునేవారిలో ఇది మామూలు పొరపాటు. కౌరీని రూట్ ఖాతాతో కాక, ఏ అధికారాలూ లేని విడి ఖాతాతో నడపాలి. 22 బదులు 2222 వాడుకోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. చిన్న అంకెల పోర్టులు తెరవాలంటే మామూలుగా రూట్ అధికారం కావాలి.

ఇప్పుడు బయటికి పోయే దారి. దొంగ `wget` అని కొడితే కౌరీ ఆ ఫైలును నిజంగానే దింపుతుంది, మన ఐపీ చిరునామా నుంచి. వైరస్ నమూనా దక్కుతుంది, కానీ మనం ఎవరి సర్వర్‌కు వెళ్తున్నామో నిర్ణయించేది దొంగ. మొదటిసారి నడిపేవాళ్లు క్లౌడ్ ఫైర్‌వాల్‌లోనే బయటికి వెళ్లే కనెక్షన్లన్నీ మూసేసి, రికార్డులు పంపే ఒక్క చిరునామాను మాత్రం తెరిచి ఉంచడం మంచిది. నమూనా దక్కదు గానీ, అది ఏ చిరునామాలో ఉందో రికార్డులో పడుతుంది, చాలావరకు అదే చాలు. మూత సరిగ్గా పడిందో లేదో ఆ సర్వర్‌లోంచే చూసుకోవచ్చు.

```
curl -m 5 https://example.com
```

అయిదు సెకన్లు ఆగి విఫలమైతే సరే. పేజీ వచ్చిందంటే ఎక్కడో కంత ఉన్నట్టు. నమూనాలు సేకరించే అనుభవం వచ్చాక దారి కొద్దిగా తెరిచినా, దింపిన ఫైళ్లను ఆఫీసు కంప్యూటర్‌కు తెచ్చి "ఏమిటో చూద్దాం" అని తెరవకూడదు. అవి బతికున్న వైరస్‌లు.

ఎరగా పెట్టే సమాచారం గురించి కూడా ఒక మాట. నిజమైన రోగులు, ఖాతాదారుల జాబితాలో నాలుగు పేర్లు మార్చి పెట్టేద్దామన్న ఆలోచన వస్తుంది. అది వద్దు. మొత్తం కల్పితమే ఉండాలి. కల్పించడంలోనూ జాగ్రత్త కావాలి. చేతికొచ్చిన పది అంకెలు కొడితే అది ఎవరి ఫోన్ నంబరో అయిపోతుంది, పన్నెండు అంకెలు కొడితే ఎవరి ఆధార్ అయినా కావచ్చు. ఆధార్ సంఖ్యలు 0తో గానీ 1తో గానీ మొదలుకావు. దొంగ పట్టికలో ఆధార్ గడి పెట్టాల్సి వస్తే ఆ అంకెలతో మొదలెడితే ఎవరికీ తగలదు. నిశితంగా చూసే దొంగ పసిగట్టవచ్చు నిజమే. అప్పటికి ఫైలు తెరిచేసి ఉంటాడు.

దొంగ చిరునామా దొరికింది కదా అని ఎదురుదాడికి దిగడం మరో ఉచ్చు. అనుమతి లేకుండా మరొకరి కంప్యూటర్‌లోకి చొరబడడం ఐటీ చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. మొదట దాడి చేసింది అవతలివాడేనన్న మినహాయింపు అందులో లేదు. పైగా రికార్డులో పడ్డ చిరునామా దొంగది కాకపోవడమే ఎక్కువ. మిరాయ్ ఉదంతంలో తలుపు తట్టిన లక్షల చిరునామాలు ఎవరివి? తమ కెమెరా వేరొకరి మాట వింటోందని తెలియని మామూలు జనానివి.

ఎరను దొంగ గుర్తుపడితే ఏమవుతుంది? కౌరీని ఉన్నదున్నట్టు పెడితే సర్వర్ పేరు `svr04` అని, అందులో `phil` అనే యూజర్ ఉన్నాడని చూపుతుంది. ఈ రంగంలో తిరిగేవాళ్లకు ఆ రెండూ బాగా తెలుసు. పేర్లు మార్చాలి, ఫైళ్లు మన సంస్థకు తగ్గట్టు ఉండాలి. క్లౌడ్ తాళంచెవుల రూపంలో వదిలే ఎరలకు ఇటీవల మరో చిక్కు వచ్చింది. ఏడబ్ల్యూఎస్ తాళంచెవి పేరులోనే ఖాతా సంఖ్య దాగి ఉంటుంది కాబట్టి, దాన్ని వాడకుండానే, కబురు మోగకుండానే, ఇది ఎర సంస్థల ఖాతాదని తేల్చే పరికరాలు వచ్చాయి. అయితే లోపలి ఎరల విషయంలో ఈ బెంగ మరీ పెద్దది చేసుకోనక్కర్లేదు. షేర్డ్ ఫోల్డర్ నకిలీదో కాదో తెలుసుకోవాలంటే ముందు దాన్ని తాకాలి. మనకు కావాల్సింది ఆ తాకిడే.

నిజానికి ఎరల్ని ఎక్కువగా చంపేది దొంగల తెలివి కాదు, సొంత ఇంటివాళ్ల రొద. వారానికోసారి నెట్‌వర్క్ అంతా తడిమే భద్రతా స్కానర్, కొత్త ప్రింటర్లు వెతికే సాఫ్ట్‌వేర్, కనిపించిన ఫోల్డరల్లా సూచికలో ఎక్కించే బ్యాకప్ ప్రోగ్రామ్, ఇవన్నీ ఎరను తాకుతాయి. మొదటి వారం ఇవే మోగుతాయి. ఒక్కోదాన్నీ గుర్తించి, ఆ యంత్రం చిరునామాను మాత్రమే, ఆ పని వరకు మాత్రమే మినహాయించాలి. సర్వర్ల వైపు మొత్తాన్ని మినహాయిస్తే దొంగకు అక్కడి నుంచి నిశ్శబ్దంగా నడిచే బాట వేసినట్టే. ఇది ఓపికగా చెయ్యకపోతే రెండో నెలకల్లా ఆ కబుర్లు ఎవరూ తెరవని మెయిల్ ఫోల్డర్‌లోకి పోతుంటాయి.

ఆ స్థితి రాకుండా ఉండాలంటే నెలకోసారి ఐటీ వాళ్లే ఒక మామూలు కంప్యూటర్ నుంచి `HOSP-BKP02` ఫోల్డర్‌ను తెరిచి చూడాలి, ముందుగా రాత్రి డ్యూటీ మనిషికి చెప్పకుండా. ఎన్ని నిమిషాలకు ఫోన్ మోగింది, మోగినప్పుడు ఎవరు ఎత్తారు, ఎత్తినవాళ్లు ఆ ఐపీ చిరునామా ఏ కంప్యూటర్‌దో ఎంతసేపటికి చెప్పగలిగారు అని రాసుకోవాలి. చాలా చోట్ల మొదటిసారి ఆగిపోయేది మూడో ప్రశ్న దగ్గరే, ఎందుకంటే ఏ చిరునామా ఏ గదిలోని యంత్రానిదో చెప్పే జాబితా ఉండదు. ముందు ఆ జాబితా తయారుచేసుకుని, తర్వాతే రెండో ఎర గురించి ఆలోచించాలి.